క్రెడిట్ స్కోర్: అంకె వెనుక ఉన్న చిట్టా

భారతదేశంలో క్రెడిట్ స్కోర్ అంటే 300 నుంచి 900 వరకు ఉండే ఒక మూడంకెల సంఖ్య. ఒక వ్యక్తి ఇంతవరకు తీసుకున్న అప్పులు ఎన్ని, వాటి వాయిదాలు గడువుకు కట్టారా లేదా, ఇప్పుడు ఎంత బాకీ ఉంది అన్న నమోదులను గణిత సూత్రంలో వేసి, రాబోయే నెలల్లో ఆ వ్యక్తి వాయిదా తప్పే అవకాశం ఎంత ఉందో అంచనా వేసి చెప్పే కొలమానం అది. అంకె పెరిగినకొద్దీ వాయిదా తప్పే అవకాశం తక్కువని అప్పు ఇచ్చే సంస్థలు అర్థం చేసుకుంటాయి. ఈ కొలమానం ఆస్తిని గానీ ఆదాయాన్ని గానీ కొలవదన్న సంగతి మొదట గ్రహించవలసి ఉంది. జీతం, పొదుపు ఖాతాలోని నిల్వ, భూమి, బంగారం, యూపీఐ చెల్లింపులు దీని లెక్కలోకి రావు. అందువల్ల పదెకరాల మాగాణి, బ్యాంకులో పెద్ద డిపాజిట్ ఉండి ఏనాడూ అప్పు చేయని రైతుకు స్కోరే ఉండకపోవచ్చు. నెలకు పాతిక వేల జీతంతో ద్విచక్ర వాహనం అప్పును క్రమం తప్పకుండా తీర్చిన ఉద్యోగికి 780 ఉండవచ్చు.

వాడుకలో దీన్ని సిబిల్ స్కోర్ అనడం అలవాటైంది, ఎందుకంటే 2000లో ఏర్పడిన సిబిల్ ఈ రంగంలో దేశంలో మొదటి సంస్థ. 2005లో పార్లమెంటు క్రెడిట్ సమాచార సంస్థల నియంత్రణ చట్టాన్ని చేసిన తరువాత మరో మూడు సంస్థలు రంగంలోకి వచ్చాయి. నేడు ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలు రిజర్వు బ్యాంకు అనుమతితో పనిచేస్తున్నాయి. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఈ నాలుగింటిలోనూ సభ్యత్వం తీసుకోవాలని 2015లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. సమాచారం ఇంచుమించు ఒక్కటే అయినా లెక్కించే సూత్రం ఎవరిది వారిదే కావడంతో ఒకే వ్యక్తికి నాలుగు చోట్ల నాలుగు అంకెలు కనిపించడం సహజం. ఒక చోట 742, మరో చోట 768 వచ్చినంత మాత్రాన ఎక్కడో పొరపాటు జరిగిందని అనుకోనవసరం లేదు. అసలు పరిశీలించవలసింది అంకెను కాదు, ఆ అంకె ఏ చిట్టా నుంచి పుట్టిందో ఆ క్రెడిట్ నివేదికను.

అలాంటి చిట్టా లేకపోతే ఏమవుతుందో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2010లో చూసింది. అప్పటికి పల్లెల్లో సూక్ష్మరుణ సంస్థలు పోటీపడి అప్పులిస్తుండగా, ఒక సంస్థ ఇచ్చిన అప్పు మరొక సంస్థకు కనబడే ఏర్పాటు సరిగా లేదు. ఒక అప్పు వాయిదా కట్టడానికి మరో సంస్థ దగ్గర అప్పు తీసుకున్న కుటుంబాలు మోయలేని భారంలో చిక్కుకున్నాయి. వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల నేపథ్యంలో ఆ ఏడాది అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, వసూళ్లు దాదాపు నిలిచిపోయాయి. 2011 డిసెంబరులో రిజర్వు బ్యాంకు చేసిన నిబంధనలు ఒక రుణగ్రహీతకు రెండుకు మించి సూక్ష్మరుణ సంస్థలు అప్పు ఇవ్వరాదని, ఆ సంస్థలు క్రెడిట్ సమాచార సంస్థలో సభ్యులుగా చేరాలని కోరాయి. ఉన్న అప్పు కనబడితే తప్ప ఇలాంటి పరిమితిని అమలు చేయడం సాధ్యం కాదు. తమ మీద నిఘాగా చాలామంది భావించే ఈ నమోదు వ్యవస్థకు రుణగ్రహీతను అతి అప్పు నుంచి కాపాడే కోణం కూడా ఉందని ఈ చరిత్ర చెబుతుంది.

స్కోరు వల్ల చేతికి తగిలే తేడా వడ్డీలో ఉంటుంది. గృహరుణాల వడ్డీని చాలా బ్యాంకులు స్కోరు శ్రేణులను బట్టి నిర్ణయిస్తున్నాయి. ముప్పై లక్షల రూపాయల అప్పును ఇరవై ఏళ్లలో తీర్చేటట్లయితే 8.5 శాతం వడ్డీకి నెలవారీ వాయిదా సుమారు ₹26,035, 9 శాతానికి సుమారు ₹26,992. అర శాతం తేడా నెలకు ₹957గా చిన్నదిగా కనిపించినా, 240 నెలలకు అది ₹2,29,000 దాటుతుంది.

ఇక ఆ చిట్టా ఎలా తయారవుతుందో చూడాలి, ఎందుకంటే ఏ అలవాటు స్కోరును పెంచుతుంది, ఏది తగ్గిస్తుంది అన్న ప్రశ్నకు జవాబు దాదాపు అంతా అందులోనే ఉంది. పూర్వం నెలకొకసారి సమాచారం పంపే పద్ధతి ఉండగా, 2025 జనవరి 1 నుంచి ప్రతి నెలా 15వ తేదీన, నెలాఖరున ఉన్న స్థితిని అప్పు ఇచ్చిన సంస్థలు నివేదించాలనే నిబంధన అమలులోకి వచ్చింది. ఆ రెండు తేదీల్లో ప్రతి ఖాతాలో ఎంత బాకీ ఉంది, అందులో గడువు దాటినది ఎంత, గడువు దాటి ఎన్ని రోజులైంది అన్నవి ముఖ్యమైన అంశాలు. చివరిదాన్ని బ్యాంకు భాషలో డీపీడీ అంటారు. తీర్చకుండా ఉన్న అన్నిటికంటే పాత వాయిదా గడువు నుంచి నేటివరకు గడిచిన రోజుల సంఖ్య అది. నివేదికలో నెలకొక గడి చొప్పున గరిష్ఠంగా 36 నెలల వరుస కనిపిస్తుంది. బకాయి లేని నెలలో 000 అని, ఉన్న నెలలో ఆ రోజుల సంఖ్య ఉంటుంది. స్కోరును అన్నిటికంటే ఎక్కువగా కదిలించేది ఈ వరుసే.

పై నిర్వచనంలో ‘అన్నిటికంటే పాత వాయిదా’ అన్న చిన్న షరతును గమనించకపోవడం వల్ల చాలామంది తమకు తెలియకుండానే ఏడాది పొడవునా స్కోరు పోగొట్టుకుంటారు. ఒక చిరుద్యోగికి నెలకు ₹6,000 వాయిదాతో వాహన రుణం ఉందని, ప్రతి నెలా 5వ తేదీన బ్యాంకు ఖాతా నుంచి ఆ మొత్తం తనంత తానుగా కోతపడే ఏర్పాటు ఉందని అనుకుందాం. జూన్ 5న జీతం ఆలస్యమై ఖాతాలో డబ్బు లేక వాయిదా తిరిగిపోయింది. జూన్ 15 నాటి నివేదికలో బకాయి వయస్సు 10 రోజులు, జూన్ 30న 25 రోజులు. జూలై 5న ఖాతాలో డబ్బు ఉంది, వాయిదా కోతపడింది, ఉద్యోగి ఊపిరి పీల్చుకున్నారు. కానీ చాలా సంస్థల లెక్కల్లో ఆ ₹6,000 ముందుగా జూన్ బకాయికి జమ అవుతుంది, జూలై వాయిదా ఆ రోజు నుంచి బకాయిగా నిలుస్తుంది. అందువల్ల జూలై 31న గడిలో 26 పడుతుంది. ఆగస్టు 5న కట్టిన డబ్బు జూలైకి వెళ్తుంది, ఆగస్టు చివర మళ్లీ 26. సెప్టెంబరు 30న 25.

ఇక్కడ తప్పిన వాయిదా ఒక్కటే, ఆ తరువాతి వాయిదాలన్నీ సమయానికే కోతపడ్డాయి. అయినా నివేదిక చదివే మరో బ్యాంకుకు మాత్రం ప్రతి నెలా ఆలస్యంగా కట్టే వ్యక్తి కనిపిస్తారు. ఆ ఉద్యోగి అక్టోబరు మొదటి వారంలో సంగతి గ్రహించి, మామూలు వాయిదాతో పాటు విడిగా మరో ₹6,000ను, వాయిదా తిరిగిపోయినందుకు పడిన రుసుమును చెల్లిస్తే అక్టోబరు గడిలో 000 వస్తుంది. అప్పటికి మచ్చ నాలుగు నెలల మీద పడింది. గ్రహించకపోతే అప్పు తీరేవరకు అదే సాగుతుంది. దీన్ని పసిగట్టడం కష్టం కాదు: వాయిదా కట్టిన మరునాడు రుణ ఖాతా వివరాల్లో గడువు దాటిన బకాయి అన్న చోట సున్నా ఉందో లేదో చూడాలి. సున్నా కాకపోతే, కోత సవ్యంగా పడుతున్నా ఖాతా వెనకబడే ఉందని అర్థం. మరో సంగతి కూడా ఈ లెక్కలో ఉంది. అదే వాయిదాను జూన్ 5న కాకపోయినా జూన్ 9న కట్టి ఉంటే రుసుము పడేది కానీ, 15వ తేదీ స్థితిలో బకాయి ఉండేది కాదు. కాబట్టి వాయిదా తిరిగిపోయిన కబురు రాగానే, వచ్చే నెల కోత కోసం ఎదురుచూడకుండా వెంటనే కట్టడానికి ఉన్న విలువ ఎంతో పెద్దది.

ఆలస్యం పెరిగేకొద్దీ దాని బరువు మారుతుంది. కొద్ది రోజుల ఆలస్యం ఏదో ఒక నెలలో జరిగితే, తరువాతి నెలల క్రమం దాన్ని మెల్లగా వెనక్కి నెడుతుంది. ముప్పై, అరవై రోజులు దాటినకొద్దీ దెబ్బ పెద్దదవుతుంది. తొంభై రోజులు దాటితే ఆ ఖాతా నిరర్థక ఆస్తి, అంటే బ్యాంకుకు రాబడి ఆగిపోయిన అప్పు అవుతుంది. అక్కడికి చేరిన తరువాత ఒకటి రెండు వాయిదాలు కట్టి ఖాతాను మామూలు స్థితికి తేవడం వీలుకాదు. అసలు, వడ్డీ బకాయిలు మొత్తం తీరిన తరువాతే స్థాయి మార్చాలని 2021 నవంబరులో రిజర్వు బ్యాంకు స్పష్టం చేసింది. ఇబ్బందుల్లో ఉన్న కుటుంబం చేతిలో ఉన్న కొద్ది డబ్బును ఏ అప్పుకు కట్టాలా అని ఆలోచించేటప్పుడు, తొంభై రోజుల గీతకు దగ్గరపడిన ఖాతా ఏదో ముందు చూసుకోవడానికి ఇదే కారణం.

క్రెడిట్ కార్డు విషయంలో ఆలస్యంతో పాటు మరో కొలత పనిచేస్తుంది. ముందుగా ఆలస్యం: చెల్లింపు గడువు దాటి మూడు రోజులకు మించితేనే కార్డు సంస్థ ఆ ఖాతాను బకాయిగా నివేదించాలన్నది 2022 నాటి నిబంధన, అయితే ఆ తరువాత రోజుల లెక్క మాత్రం బిల్లులోని గడువు తేదీ నుంచే మొదలవుతుంది. బిల్లులో కనిపించే కనీస మొత్తాన్ని కట్టినా ఖాతా బకాయిగా నమోదు కాదు. కానీ మిగిలిన మొత్తం మీద నెలకు మూడు శాతానికి పైగా వడ్డీ పడే కార్డులు ఎన్నో ఉన్నాయి. అలా పెరిగిన బాకీయే రెండో కొలతను దెబ్బతీస్తుంది. ఆ రెండో కొలత వినియోగ నిష్పత్తి, అంటే కార్డు మీద ఇచ్చిన పరిమితిలో ఎంత భాగం వాడుకున్నారన్నది. ముప్పై శాతం లోపు ఉంచుకోవాలని సాధారణంగా చెబుతారు. అది చట్టం కాదు, ఆ గీత దాటగానే స్కోరు ఒక్కసారిగా కూలిపోదు. కానీ పరిమితి అంచున బతికే ఖాతాలు వాయిదాలు ఎక్కువగా తప్పుతాయన్న అనుభవం సూత్రాల వెనుక ఉంది.

పెళ్లి నగల కోసమో ఆసుపత్రి ఖర్చు కోసమో లక్ష రూపాయల పరిమితి ఉన్న కార్డు మీద ₹70,000 వాడి, బిల్లు గడువు నాటికి పూర్తిగా కట్టేసిన వ్యక్తికి వడ్డీ ఒక్క రూపాయి కూడా పడదు. అయినా ఆ డబ్బు కట్టకముందే నివేదిక తేదీ వస్తే 70 శాతం వినియోగం నమోదవుతుంది. మరుసటి నివేదికలో తగ్గుతుంది కాబట్టి ఇది శాశ్వత నష్టం కాదు; గృహరుణానికి దరఖాస్తు చేయబోయే నెలలో మాత్రం బిల్లు కోసం ఆగకుండా ముందే కట్టడం తెలివైన పని. దీనికంటే ఎక్కువగా నష్టపరిచేది మంచి ఉద్దేశంతో చేసే ఒక పని. ఒకరికి లక్ష పరిమితితో పాత కార్డు ఒకటి, యాభై వేల పరిమితితో కొత్త కార్డు ఒకటి ఉండి, కొత్తదాని మీద ₹40,000 బాకీ ఉంటే మొత్తం వినియోగం సుమారు 27 శాతం. అప్పులు తగ్గించుకుందామని, వాడని పాత కార్డును మూసేస్తే అదే బాకీ 80 శాతం అవుతుంది. పైగా దీర్ఘకాలంగా నడుస్తున్న ఖాతా ఇచ్చే వయస్సు బలం కూడా క్రమంగా సన్నగిల్లుతుంది. వార్షిక రుసుము భారం లేని పాత కార్డును ఉంచుకోవడమే మేలు. రుసుము ఉన్న కార్డును వాడక మరిచిపోతే, ఆ కొద్ది వందల రూపాయలే బకాయిగా మారి వరుసలో మచ్చగా నిలుస్తాయి. మొత్తం చిన్నదన్న కారణంతో ఆలస్యం నమోదు కాకుండా పోదు.

కొత్త అప్పుల కోసం చేసే దరఖాస్తులు కూడా చిట్టాలో పడతాయి. దరఖాస్తు అందిన ప్రతి సంస్థ నివేదిక తెప్పించుకున్నప్పుడు, ఆ సంస్థ పేరు, తేదీ, అడిగిన రుణం రకం, మొత్తం విచారణల జాబితాలో చేరతాయి. నెల రోజుల్లో ఐదారు విచారణలు కనిపిస్తే ఆ వ్యక్తి డబ్బుకు తీవ్రమైన ఇక్కట్లలో ఉన్నారని సూత్రం భావిస్తుంది. దళారీకి ఒక్కసారి కాగితాలు ఇస్తే అతను అరడజను సంస్థలకు పంపడం మామూలే. ఎవరెవరికి పంపుతున్నారో ముందే అడిగి తెలుసుకోవడం అవసరం. సొంత నివేదికను తానే చూసుకుంటే స్కోరు తగ్గుతుందన్న భయానికి ఆధారం లేదు.

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక చేయక తప్పదు. చెల్లింపుల చరిత్రకు 35 శాతం, బాకీ మొత్తానికి 30 శాతం, ఖాతాల వయస్సుకు 15 శాతం, కొత్త అప్పులకు పది, అప్పుల వైవిధ్యానికి పది అంటూ ప్రచారంలో ఉన్న పంపకం అమెరికాలోని ఫైకో స్కోరుది. దాని పరిధి కూడా 300 నుంచి 850. భారతదేశపు సంస్థలు తమ సూత్రాలను పూర్తిగా బయటపెట్టవు. అమెరికా వెళ్లిన తెలుగు విద్యార్థికి ఇక్కడి మంచి స్కోరు అక్కడ సాధారణంగా ఉపయోగపడదు, అక్కడ చిట్టా మొదటి పుట నుంచే మొదలవుతుంది. ఇక్కడి చిట్టా మాత్రం ఆగిపోదు. విద్యారుణం తీసుకున్నప్పుడు తండ్రో తల్లో సహ రుణగ్రహీతగా సంతకం చేస్తారు కాబట్టి, చదువు పూర్తయ్యాక ఉద్యోగం ఆలస్యమై అమెరికాలో ఉన్న బిడ్డ వాయిదా తప్పితే ఆ రోజుల లెక్క గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న తల్లిదండ్రుల నివేదికలోనూ పడుతుంది.

స్నేహితుడి అప్పుకు హామీ సంతకం పెట్టినవారి సంగతీ ఇంతే. జామీను అన్నది మాటసాయమనే భావన మన సమాజంలో బలంగా ఉంది. బ్యాంకు దృష్టిలో అది బాధ్యత. ఆ అప్పు హామీదారు నివేదికలో కనిపిస్తుంది, అసలు రుణగ్రహీత తప్పిన వాయిదాలు హామీదారుకు కొత్త అప్పు పుట్టకుండా అడ్డుపడగలవు. సంతకం పెట్టిన వ్యక్తికి ఆ సంగతి తన సొంత గృహరుణ దరఖాస్తు తిరస్కరణకు గురైన రోజున గానీ తెలియకపోవడం ఎంతో బాధాకరమైన విషయం.

చెల్లించలేని స్థితిలో బ్యాంకుతో కుదుర్చుకునే ఏకకాల పరిష్కారం గురించి విడిగా చెప్పాలి. లక్ష రూపాయల కార్డు బాకీని ₹60,000కు పరిష్కరించుకుంటే వసూలు ఫోన్లు ఆగిపోతాయి, అప్పు ముగిసిందన్న భావన కలుగుతుంది. కానీ నివేదికలో ఆ ఖాతా ‘క్లోజ్డ్’ అని కాక ‘సెటిల్డ్’ అని నమోదవుతుంది, అంటే ఇవ్వవలసినదాంట్లో కొంత బ్యాంకు వదులుకుందని అర్థం. కొత్తగా అప్పు ఇచ్చే సంస్థ దాన్ని ప్రతికూలంగానే చూస్తుంది. తరువాత స్థోమత వచ్చినప్పుడు మిగిలిన ₹40,000 చెల్లించి, బాకీ లేదనే ధ్రువపత్రం తీసుకుని, స్థితిని సవరించి పంపమని బ్యాంకును లిఖితపూర్వకంగా కోరవచ్చు. అప్పుడు ఖాతా స్థితి మారుతుంది, పాత గడుల్లోని ఆలస్యాలు మాత్రం కాలం గడిచే వరకు ఉంటాయి. చెల్లింపు శక్తి పూర్తిగా లేనివారికి పరిష్కారమే మార్గం కావచ్చు. కొన్ని నెలల గడువు దొరికితే పూర్తిగా కట్టగలిగినవారు మాత్రం రాయితీ కోసం దాన్ని ఎంచుకోవడం నష్టదాయకం.

చరిత్ర అసలే లేనివారి సమస్య వేరు. తొలిసారి అప్పు కోరేవారి దరఖాస్తును చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించరాదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉందని, కనీస స్కోరు ఇంత ఉండాలన్న నియమమేదీ లేదని 2025లో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. ఆచరణలో సంస్థలు జంకుతాయి గనుక, ఫిక్స్‌డ్ డిపాజిట్ హామీగా ఇచ్చే చిన్న పరిమితి కార్డు తీసుకుని, నెలకు కొద్ది మొత్తం వాడి పూర్తిగా తీరుస్తూ పోవడం అందుబాటులో ఉన్న తేలిక మార్గం. సాధారణంగా ఆరు నెలల నమోదులు చేరేసరికి స్కోరు ఏర్పడుతుంది. ఇంతకంటే త్వరగా స్కోరు పెంచుతామని డబ్బు తీసుకునేవారి మాట నమ్మదగినది కాదు. నిజంగా జరిగిన ఆలస్యాన్ని తుడిచివేసే అధికారం వారికే కాదు, క్రెడిట్ సమాచార సంస్థకు కూడా లేదు.

జరగని ఆలస్యం నమోదైతే మాత్రం సవరించుకునే హక్కు ఉంది. తీరిపోయిన అప్పు ఇంకా నడుస్తున్నట్టు ఉండటం, ఒకే పేరు, దగ్గరి పుట్టిన తేదీ ఉన్న మరొకరి అప్పు వచ్చి చేరడం, తీసుకోని చిన్న డిజిటల్ రుణం పాన్ సంఖ్య మీద కనిపించడం తరచుగా ఎదురయ్యే పొరపాట్లు. ప్రతి క్యాలెండర్ సంవత్సరంలో ఒక్కో సంస్థ నుంచి ఒక పూర్తి నివేదికను ఉచితంగా పొందే హక్కు 2017 నుంచి ఉంది. నాలుగు సంస్థల నివేదికలను మూడేసి నెలలకొకటి చొప్పున తెప్పించుకుంటే ఏడాది పొడవునా ఖర్చు లేకుండా గమనిక ఉంచవచ్చు. తప్పు కనిపిస్తే ఆ సంస్థ వెబ్‌సైటులోనే వివాదాన్ని నమోదు చేసి, బాకీ లేదనే ధ్రువపత్రాన్ని, ఖాతా వివరాలను జతచేయాలి. సమాచార సంస్థ తనంత తానుగా నమోదును మార్చదు, అప్పు ఇచ్చిన సంస్థను అడిగి, అది ఒప్పుకుంటేనే మారుస్తుంది; కాబట్టి బ్యాంకుకు కూడా అదే రోజున లేఖ ఇవ్వడం వల్ల కాలం కలిసివస్తుంది. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే ఆపై ప్రతి రోజుకూ ₹100 చొప్పున ఫిర్యాదుదారుకు పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఈ గడువులో 21 రోజులు బ్యాంకువి, మిగిలినవి సమాచార సంస్థవి. అప్పటికీ జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా, 2022 సెప్టెంబరు నుంచి క్రెడిట్ సమాచార సంస్థలు కూడా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ పరిధిలో ఉన్నాయి గనుక, ఫిర్యాదు సంఖ్యను, తేదీలను చూపి అక్కడ రుసుము లేకుండా అర్జీ పెట్టుకోవచ్చు.